ఎడమ చేతి వేళ్లు సహకరించనప్పుడు గేమ్ కంట్రోలర్ బటన్లను మార్చుకునే పద్ధతి

ఈ వ్యాసంలో ఒక్క పరిస్థితిని మాత్రమే తీసుకొని చివరిదాకా చూద్దాం. ఆడే వ్యక్తికి కుడి చేయి బాగా పనిచేస్తుంది. ఎడమ బొటనవేలు స్టిక్‌ను తిప్పగలదు. కానీ ఎడమ చూపుడువేలు, మధ్యవేలు కంట్రోలర్ పైఅంచున ఉండే L1, L2 బటన్లను నొక్కలేవు, నొక్కినా ఎక్కువసేపు పట్టి ఉంచలేవు. పక్షవాతం నుంచి కోలుకుంటున్నవారిలో, నరం దెబ్బతిన్నవారిలో, కీళ్లవాపు ఉన్నవారిలో ఈ పరిస్థితి తరచుగా కనిపిస్తుంది. మీరు మీకోసం మార్చుకుంటున్నా, ఇంట్లో మరొకరికోసం అమర్చిపెడుతున్నా పద్ధతి ఒక్కటే. ఉదాహరణకు ప్లేస్టేషన్ 5తో వచ్చే డ్యూయల్‌సెన్స్ కంట్రోలర్‌ను కంప్యూటర్‌కు కలిపి, ఆటలు కొని ఆడుకునే కార్యక్రమమైన స్టీమ్‌లో ఆడుతున్నట్టు అనుకుందాం. బటన్ల మార్పుకు అన్నిటికంటే ఎక్కువ వెసులుబాటు ఉన్నది అక్కడే.

మొదట చేతిని పరీక్షించండి, ఆట తర్వాత

చాలామంది నేరుగా సెట్టింగులు తెరిచి, నొక్కలేని బటన్ పనిని నొక్కగలిగిన బటన్‌కు ఇచ్చేస్తారు. కాసేపు ఆడేసరికి కొత్త ఇబ్బంది ఒకటి ఎదురవుతుంది, దాన్ని సరిచేయబోతే ఇంకొకటి వస్తుంది. అందుకని ఆట తెరవకుండా, కంట్రోలర్ ఒక్కటే చేతిలోకి తీసుకొని ప్రతి బటన్ గురించీ నాలుగు ప్రశ్నలు వేసుకోండి. దీన్ని ఒకసారి నొక్కగలనా? పది సెకన్లపాటు పట్టి ఉంచగలనా? వెంటవెంటనే నొక్కగలనా? ఎడమ స్టిక్ తిప్పుతూ ఉండగానే నొక్కగలనా? జవాబులు కాగితం మీద రాసుకోండి. ఈ నాలుగింటికీ జవాబు ఒకేలా ఉండదని రాసుకునేటప్పుడే తెలుస్తుంది. L1ను ఒకసారి నొక్కగలిగిన వేలు దాన్ని మూడు సెకన్లు కూడా పట్టి ఉంచలేకపోవచ్చు. స్టిక్ తిప్పగలిగిన బొటనవేలు, ఆ స్టిక్‌నే లోపలికి నొక్కే L3 దగ్గర ఆగిపోవచ్చు.

నొక్కినట్టు మీకు అనిపించడం వేరు, కంట్రోలర్‌కు అందడం వేరు. విండోస్‌లో Run పెట్టె తెరిచి ఈ ఆదేశం టైప్ చేస్తే కంట్రోలర్‌ను పరీక్షించే పాత కిటికీ ఒకటి వస్తుంది.

```
joy.cpl
```

అక్కడ కంట్రోలర్ పేరును ఎంచుకొని దాని లక్షణాలు తెరిస్తే, మీరు నొక్కిన బటన్ తెర మీద వెలుగుతుంది, స్టిక్ ఎంతవరకు వెళ్లిందో గుర్తు కదులుతూ చూపిస్తుంది. ఎడమ స్టిక్‌ను నాలుగు దిక్కులా అంచుదాకా నెట్టి చూడండి. బొటనవేలు బలహీనంగా ఉంటే గుర్తు ఒక దిక్కున, ముఖ్యంగా పైకీ ఎడమకూ మధ్యన, అంచును తాకకుండానే ఆగిపోవచ్చు. దాన్ని రాసిపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఇదే పరీక్షను అరగంట ఆడాక మరొకసారి చేయండి. అలసిన చేతికి సరిపోయిన అమరికే మీరు రోజూ వాడుకోగలిగేది.

L2 విషయంలో తొందరపడి వదులుకోకండి. డ్యూయల్‌సెన్స్ ట్రిగ్గర్లు కొన్ని ఆటల్లో కావాలనే బిగుసుకుంటాయి, విల్లు లాగుతున్న అనుభూతి ఇవ్వడానికి ఎదురు నెడతాయి. ప్లేస్టేషన్ 5లో Settings లోని Accessories విభాగంలో Trigger Effect Intensity అనే చోట దీన్ని పూర్తిగా ఆపవచ్చు. కంప్యూటర్‌లో ఆట సెట్టింగుల్లోనే ఆపాలి. ఆ బిగువు పోయాక, స్టీమ్‌లో ట్రిగ్గర్ ఎంత కదిలితే నొక్కినట్టు లెక్కించాలో ఆ హద్దును తగ్గించి చూడండి. కొంచెం కదలిక ఉన్న వేలికి ఈ రెండు మార్పులే చాలిపోయి, L2ను అసలు తరలించాల్సిన పని లేకపోవచ్చు.

ఆటలోని పనులను కాలం ప్రకారం విడదీయండి

ఇప్పుడు ఆట అడిగే పనులు చూద్దాం. వెనుకనుంచి పాత్ర కనిపించే మామూలు సాహస ఆటను తీసుకుంటే, సాధారణంగా అమరిక ఇలా ఉంటుంది: ఎడమ స్టిక్ నడక, L3 పరుగు, L2 పట్టి ఉంచితే గురి, R2 కాల్పు, L1 పట్టి ఉంచితే ఆయుధాల చక్రం, R1 విసరడం, R3 టార్చిలైటు. కుడివైపు నాలుగు బటన్లు గెంతడం, తప్పించుకోవడం, తూటాలు నింపడం, తలుపులు తీయడం వంటి వాటికి. కుడి స్టిక్ చూపు తిప్పడానికి.

వీటిలో ఎడమ వేళ్లను బాధించేవి మూడు: గురి, చక్రం, పరుగు. మూడింటికీ కారణం ఒక్కటి కాదు. గురిని చాలాసేపు పట్టి ఉంచాలి, అదే సమయంలో కుడి చేత్తో చూపు తిప్పాలి, కాల్చాలి. చక్రాన్ని కాసేపే పట్టి ఉంచితే చాలు, కానీ అప్పుడూ కుడి స్టిక్ తిప్పాలి. పరుగుకు ఒక్క నొక్కు చాలు, అయితే అది స్టిక్‌ను ముందుకు తోసి ఉంచిన బొటనవేలే చేయాలి. ఒక పనికి కొత్త చోటు వెతికే ముందు, అది జరుగుతున్నంతసేపూ ఏ వేలు ఖాళీగా ఉంటుందో చూసుకోవాలి. అమరికలు విఫలమయ్యేది ఎక్కువగా దీన్ని చూసుకోకపోవడం వల్లనే.

కుడి బొటనవేలి సంగతి ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. చూపు తిప్పే స్టిక్, నాలుగు బటన్లు, రెండింటి బాధ్యతా దానిదే, అయినా ఒక సమయంలో ఒక్కచోటే ఉండగలదు. స్టిక్ కదలాల్సిన సమయంలో నొక్కి పట్టాల్సిన ఏ పనినీ ఆ నాలుగు బటన్లలో పెట్టకూడదు.

మార్పు ఎక్కడ చేయాలి

బటన్లను మూడు చోట్ల మార్చవచ్చు: ఆటలో, కన్సోల్ లేదా విండోస్ వ్యవస్థలో, స్టీమ్ వంటి మధ్యవర్తి కార్యక్రమంలో. ఆటలోనే వీలుంటే ముందు అక్కడే మార్చండి. అప్పుడు తెర మీద వచ్చే సూచనలు కూడా కొత్త బటన్లనే చూపిస్తాయి. వ్యవస్థలో గానీ స్టీమ్‌లో గానీ మార్చితే ఆటకు ఆ సంగతి తెలియదు. అది పాత బటన్ పేరే చూపిస్తూ ఉంటుంది, మీరు మనసులో మార్చి చదువుకోవాలి.

ప్లేస్టేషన్ 5లో ఈ సదుపాయం Settings లోని Accessibility విభాగంలో ఉంటుంది. ఎక్స్‌బాక్స్‌లోనూ విండోస్‌లోనూ Xbox Accessories అనే యాప్‌లో ఉంటుంది. నింటెండో స్విచ్‌లో 2020 ఏప్రిల్‌లో వచ్చిన 10.0.0 వెర్షన్ నుంచి System Settings లోని Controllers and Sensors కింద Change Button Mapping పేరుతో ఉంది. ఇవన్నీ ముఖ్యంగా ఒక బటన్ పనిని మరొక బటన్‌కు ఇస్తాయి. పట్టి ఉంచాల్సిన బటన్‌ను ఒక్క నొక్కుతో నిలిచిపోయేలా చేయడం మీరు ఆటలోనో స్టీమ్‌లోనో చూసుకోవాలి. మన ఉదాహరణలో అవసరమైనది అదే.

ఒక బటన్‌ను రెండు చోట్ల మార్చకండి. కన్సోల్‌లో L1ను R1గా మార్చి, ఆటలోనూ ఆ రెంటినీ తారుమారు చేస్తే, ఒక మార్పు రెండోదాన్ని రద్దు చేసి మీరు ఏమీ మార్చనట్టే అవుతుంది. మార్చినా ఫలితం లేదనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఒకచోటి మార్పును పూర్తిగా తీసేసి మళ్లీ నొక్కి చూడండి.

పరుగు: స్టిక్ అంచుకు అప్పగించడం

సులువైనదాంతో మొదలుపెడదాం. స్టీమ్ సెట్టింగుల్లోని కంట్రోలర్ విభాగంలో ప్లేస్టేషన్ కంట్రోలర్లకు స్టీమ్ ఇన్‌పుట్‌ను ఆన్ చేయండి. తర్వాత లైబ్రరీలో ఆట పేజీ తెరిచి, కంట్రోలర్ గుర్తును నొక్కి, Edit Layout లోకి వెళ్లండి. ఎడమ స్టిక్ సెట్టింగుల్లో Outer Ring Command అనేది కనిపిస్తుంది. స్టిక్ మధ్యలో ఉన్నంతవరకు ఏమీ జరగదు, ఒక హద్దు దాటి అంచు వైపు వెళ్లినప్పుడు మీరు చెప్పిన బటన్‌ను స్టీమ్ తనంతట తానే నొక్కుతుంది. దానికి ఎడమ స్టిక్ నొక్కును, అంటే L3 పనిని ఇవ్వండి. ఇక స్టిక్‌ను కొద్దిగా తోస్తే నడక, పూర్తిగా తోస్తే పరుగు. L3ను నొక్కే అవసరమే ఉండదు.

ఇందాక పరీక్షలో గుర్తు అంచుదాకా చేరలేదని రాసుకున్నట్టయితే, ఆ హద్దును లోపలికి జరపండి. లేకపోతే పాత్ర కొన్ని దిక్కుల్లోనే పరుగెత్తి, మిగతా దిక్కుల్లో నడుస్తూ ఉంటుంది. అదే స్టిక్‌కు బయటి డెడ్‌జోన్, అంటే అంచు దగ్గర స్టిక్ కదిలినా తేడా లెక్కించని జాగా కూడా ఉంటుంది. దాన్ని సరిచేస్తే స్టిక్ తక్కువ దూరం వెళ్లినా పూర్తిగా వెళ్లినట్టు ఆట భావిస్తుంది. దానికి బదులుగా మెల్లగా నడవడానికి ఉండే జాగా తగ్గుతుంది, కాబట్టి అవసరమైనంతకు మించి జరపకండి. బొటనవేలు వణుకుతూ పాత్ర తనంతట తానే కదులుతుంటే సరిచేయాల్సింది లోపలి డెడ్‌జోన్‌ను, అంటే మధ్యలో ఉండే అలాంటి జాగాను.

గురి: పట్టి ఉంచడాన్ని ఒక్క నొక్కుగా మార్చడం

గురిని R1కు తెద్దాం. కుడి చూపుడువేలు R1ను ఒకసారి నొక్కితే గురి మొదలవ్వాలి, ఆ వేలే వెంటనే R2 మీదకు దిగి కాల్చాలి, మళ్లీ R1 నొక్కితే గురి ముగియాలి. ఈలోగా కుడి బొటనవేలు స్టిక్‌ను వదలనవసరం లేదు, ఎడమ వేళ్లకు పనే లేదు.

దీనికి రెండు దారులున్నాయి. ఆట సెట్టింగుల్లో గురి దగ్గర Hold, Toggle అనే రెండు ఎంపికలు ఉంటే Toggle పెట్టి, స్టీమ్‌లో R1కు Left Trigger అని మాత్రమే ఇవ్వండి. L2ను స్టీమ్ ఆ పేరుతోనే చూపిస్తుంది. ఆటలో ఆ ఎంపిక లేకపోతే, R1కు Left Trigger ఇచ్చి, దాని పక్కనున్న సెట్టింగుల గుర్తులో Toggle ఆన్ చేయండి. వీలైనంతవరకు మొదటి దారినే పట్టండి. గురి పెట్టి ఉన్నారా లేదా అన్నది ఆటకు తెలుసు, స్టీమ్‌కు తెలియదు. గురిలో ఉండగా పాత్ర పడిపోయినా, కథ దృశ్యం మొదలైనా ఆట గురిని తీసేస్తుంది. స్టీమ్ మాత్రం బటన్‌ను ఇంకా పట్టుకొనే ఉంటుంది. ఆ తర్వాత మీరు R1 నొక్కితే ఏమీ జరగదు, రెండోసారి నొక్కితేనే గురి వస్తుంది. స్టీమ్ దారిలో ఈ లోపం తప్పదు. ఒక దృశ్యం ముగియగానే R1ను అనవసరంగా ఒకసారి నొక్కే అలవాటు చేసుకుంటే దెబ్బ తగలకుండా గడుస్తుంది.

రెండు దారులనూ కలిపి మాత్రం వాడకండి. అలా వాడితే మొదటి నొక్కుకు గురి వస్తుంది, రెండో నొక్కుకు స్టీమ్ బటన్‌ను వదలడం తప్ప ఆటలో ఏ మార్పూ ఉండదు, మూడో నొక్కుకు గురి పోతుంది. గురి తీయడానికి ప్రతిసారీ రెండుసార్లు నొక్కాల్సి వస్తోందంటే Toggle రెండు చోట్లా ఆన్‌లో ఉందని అర్థం.

L2కు బదులు మామూలు బటన్‌ను వాడుతున్నప్పుడు మరొక పరిమితి ఉంది. బటన్‌కు నొక్కడం, వదలడం తప్ప మధ్యస్థితి లేదు. గురికి దానివల్ల నష్టం లేదు. కారు నడిపే ఆటల్లో L2 బ్రేకు అయితే మాత్రం ప్రతిసారీ పూర్తి బ్రేకే పడుతుంది. ఆ ఆటల్లో బ్రేకును, వేగాన్ని కుడి స్టిక్‌ను కిందికీ పైకీ నెట్టడానికి ఇవ్వగలిగితే మెరుగు.

ఖాళీ చేయించిన పనులకు చోటు చూపించడం

R1లో ఇంతకుముందున్న విసరడం ఇప్పుడు ఎక్కడికో వెళ్లాలి. ఆ ఒక్క బటన్‌కే రెండు పనులు ఇవ్వాలని మొదట అనిపిస్తుంది: చిన్నగా నొక్కితే గురి, కాసేపు నొక్కితే విసరడం. స్టీమ్‌లో Long Press పేరుతో అది సాధ్యమే. కానీ మీరు ఎంతసేపు నొక్కబోతున్నారో ముందుగా స్టీమ్‌కు తెలియదు కాబట్టి, వేలు ఎత్తేదాకా ఆగి, అప్పుడు చిన్న నొక్కుగా లెక్కిస్తుంది. అంటే గురి ప్రతిసారీ కొద్దిగా ఆలస్యంగా వస్తుంది. Double Press పెట్టినా ఇదే ఆలస్యం. గురి, గెంతు, తప్పించుకోవడం వంటి క్షణాల్లో జరగాల్సిన పనులున్న బటన్ మీద రెండో పనిని ఎప్పుడూ పేర్చకండి. మ్యాప్ తెరవడం, టార్చిలైటు వంటివైతే ఆలస్యాన్ని ఎవరూ గమనించరు.

కాబట్టి విసరడాన్ని R3కు, అంటే కుడి స్టిక్ నొక్కుకు ఇద్దాం. విసిరే ముందు కుడి బొటనవేలు ఎలాగూ స్టిక్ మీదే ఉంటుంది. R3లోని టార్చిలైటు, ఎడమ స్టిక్‌కు పైన నాలుగు దిక్కుల బటన్లుండే డీ-ప్యాడ్‌లోని పై బటన్‌కు పోతుంది. దాన్ని నడక ఆపి నొక్కినా నష్టం లేదు.

మిగిలింది చక్రం. ఎక్కువమంది దీన్ని త్రిభుజం బటన్‌కు ఇస్తారు, అక్కడే చిక్కుకుపోతారు. త్రిభుజాన్ని పట్టి ఉంచాల్సింది కుడి బొటనవేలే, చక్రంలో ఆయుధాన్ని ఎంచుకోవడానికి కుడి స్టిక్ తిప్పాల్సిందీ అదే. ఇందాక చెప్పిన నియమం ఇక్కడ పనికొస్తుంది. చక్రం తెరిచినప్పుడు చాలా ఆటలు కాలాన్ని నెమ్మదింపజేస్తాయి లేదా ఆపేస్తాయి, అంటే ఆ కాసేపు నడవనక్కర్లేదు, ఎడమ బొటనవేలు ఖాళీ. కాబట్టి డీ-ప్యాడ్ కింది బటన్‌కు Left Bumper ఇచ్చి, Toggle ఆన్ చేయండి. స్టీమ్‌లో L1 పేరు అదే. ఎడమ బొటనవేలు స్టిక్ నుంచి పైకి జరిగి ఒకసారి నొక్కుతుంది, చక్రం తెరుచుకొని నిలుస్తుంది, కుడి స్టిక్‌తో ఆయుధాన్ని ఎంచుకుంటారు, మళ్లీ ఒక నొక్కుతో మూస్తారు. డీ-ప్యాడ్ కింది బటన్‌కు అంతకుముందున్న పని ఏదైనా ఉంటే, అది అరుదైనదైతే అక్కడే Long Press గా ఉంచవచ్చు. ఇక్కడ ఆలస్యం బాధించదు. చక్రం తెరిచినా కాలం ఆగని ఆటల్లో ఈ ఏర్పాటు బలహీనమే. అక్కడ ఆయుధాలు ముందే మార్చుకొని పోరులోకి దిగాల్సి ఉంటుంది.

ఇప్పుడు మొత్తం అమరికలో మారినవి ఇవి: స్టిక్ అంచు పరుగు, R1 గురి, R3 విసరడం, డీ-ప్యాడ్ పైన టార్చిలైటు, కింద చక్రం. నాలుగు కుడి బటన్లనూ నేను కావాలనే ముట్టుకోలేదు. వేళ్లకు ఇప్పటికే అలవాటైనవాటిని కదిలిస్తే, కొత్తవి నేర్చుకోవడం రెండింతలు కష్టమవుతుంది.

ఆడి చూసి సరిచేసుకోవడం

శత్రువులు లేని చోట, ఆటలో సాధన ప్రదేశం ఉంటే అక్కడ, ఒక్కొక్క మార్పునే ప్రయత్నించండి. పరుగు కుదిరాకే గురి, గురి కుదిరాకే చక్రం. అన్నీ ఒకేసారి మార్చి ఆడితే, తప్పు నొక్కు వచ్చినప్పుడు అది అమరిక దోషమా, అలవాటు లేకపోవడమా అని తేల్చలేరు. నేను చూసే గుర్తు ఇది: తప్పు నొక్కులు రోజురోజుకూ తగ్గుతుంటే అది అలవాటు సమస్య, అదే చోట అదే తప్పు మళ్లీ మళ్లీ వస్తుంటే రెండు పనులు ఒకే వేలి మీద పడుతున్నాయని అర్థం. అలాంటప్పుడు ఆ క్షణంలో ఏ వేలు ఎక్కడుందో మెల్లగా మళ్లీ చేసి చూడండి, సాధారణంగా వెంటనే దొరుకుతుంది.

ఎడమ చేయి కంట్రోలర్‌ను మోయలేకపోతే ఏ అమరికా నిలవదు. ఒడిలో దిండు పెట్టుకొని దానిమీద కంట్రోలర్ ఆనించండి, లేదా జారని మ్యాట్ పరిచిన బల్ల మీద ఉంచండి. బరువు దిగిపోయాక, ఇంతకుముందు అందలేదనుకున్న బటన్ ఒకటి అందుబాటులోకి రావచ్చు. కాబట్టి ఆనించే ఏర్పాటు ముందు చేసి, ఆ తర్వాతే చేతి పరీక్ష చేయడం ఉత్తమం.

కుడి చేతిని జాగ్రత్తగా గమనించండి. ఆరోగ్యంగా ఉన్న చేయి కాబట్టి అన్నీ దానిమీదే వేయాలనిపిస్తుంది. బొటనవేలి మొదట్లో నొప్పి, మణికట్టులో తిమ్మిరి మొదలైతే ఆట ఆపి, వెంటవెంటనే నొక్కే పనులేవో వెతకండి. బటన్‌ను పదేపదే నొక్కమనే సన్నివేశాలను పట్టి ఉంచడంగా మార్చే ఎంపిక చాలా ఆటల్లో ఉంది, లేకపోతే స్టీమ్‌లో Turbo ఉంది. ఇతరులతో పోటీపడే ఆన్‌లైన్ ఆటల్లో మాత్రం Turbo వాడేముందు ఆ ఆట నియమాలు చదవండి. బటన్ స్థానం మార్చడానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు, ఒక్క నొక్కుతో అనేక నొక్కులు పంపడాన్ని కొన్ని ఆటలు నిషేధిస్తాయి.

అమరిక ఒక్కటే చాలనప్పుడు

ఎడమ బొటనవేలు కూడా స్టిక్ మీద నిలవకపోతే, బటన్ల మార్పుతో మాత్రమే గట్టెక్కడం కష్టం. నడకా చూపూ రెండూ ఒకే చేతికి రావాలి, అది ఒక బొటనవేలికి సాధ్యం కాదు. అప్పుడు నొక్కే పనిని మోకాలికో పాదానికో మోచేతికో ఇవ్వాలి. 2018లో వచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ వెనుక 19 చిన్న రంధ్రాలుంటాయి, వాటికి పాదంతో నొక్కే స్విచ్‌లను 3.5 మిల్లీమీటర్ల తీగతో కలపవచ్చు. 2023 డిసెంబరులో ప్లేస్టేషన్ 5 కోసం వచ్చిన యాక్సెస్ కంట్రోలర్‌కు అలాంటి రంధ్రాలు నాలుగు ఉన్నాయి. రెండు యాక్సెస్ కంట్రోలర్లను, ఒక డ్యూయల్‌సెన్స్‌ను కలిపి ఒకే కంట్రోలర్‌లా వాడుకోవచ్చు.

ఇవి కొనేముందు ఇంట్లో ఉన్న రెండో కంట్రోలర్‌తో ఒక ప్రయోగం చేయండి. ప్లేస్టేషన్ 5లోనూ ఎక్స్‌బాక్స్‌లోనూ రెండు కంట్రోలర్లను ఒకే ఆటగాడివిగా కలిపే సదుపాయం ఉంది. రెండోదాన్ని నేలమీద మెత్తని గుడ్డపై ఉంచి, దాని పెద్ద బటన్ ఒకదాన్ని పాదంతో నొక్కి చూడండి, లేదా పక్కన కూర్చున్నవారిని గురి ఒక్కటే చూడమనండి. ఏ పని చేతినుంచి తీసేస్తే ఆట తేలికవుతుందో ఒక్క సాయంత్రంలో తెలిసిపోతుంది. స్విచ్ కొనాల్సి వస్తే ఆ ఒక్క పనికోసమే కొనండి.